పొడవాటి వెబ్ పేజీ మొత్తాన్ని ఒకే బొమ్మగా తీయడం ఎలా? పదిహేడు ముక్కలు అతికించినా ఫలితం లేకపోయింది

సుధ_నెల్లూరు

గత డిసెంబరులో ఆన్‌లైన్‌లో కొన్న ఫ్రిజ్ మూడో వారానికే చల్లబరచడం మానేసింది. జనవరి నుంచి జూన్ వరకు అమ్మకందారు ప్రతినిధులకూ నాకూ మధ్య జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలన్నీ వాళ్ళ సైటులో నా ఫిర్యాదు పేజీలోనే ఉన్నాయి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామని నిర్ణయించుకున్నాక, ఆ సంభాషణ మొదటి నుంచి చివరి దాకా కావాలని మా వకీలు గారు అడిగారు. ల్యాప్‌టాప్‌లో కొంచెం కొంచెం కిందికి జరుపుతూ 17 స్క్రీన్‌షాట్లు తీసి, పెయింట్‌లో ఒకదాని కింద ఒకటి అతికించాను. రెండు సాయంత్రాలు దానికే సరిపోయాయి.

తీరా చూస్తే తొమ్మిదో ముక్కకూ పదో ముక్కకూ మధ్య అతుకు దగ్గర "టెక్నీషియన్ రేపు వస్తారు" అన్న సందేశం రెండుసార్లు వచ్చింది. పదమూడో ముక్క చివర ఉండవలసిన ఏప్రిల్ 11 అన్న తేదీ అసలు లేకుండా పోయింది. వకీలు గారు దాన్ని చూసి, "అతుకు కనిపించిందంటే మధ్యలో ఏదో తీసేశారని ఎదుటి పక్షం అంటుందమ్మా, ఒకే బొమ్మగా తీసుకురండి" అన్నారు. నాది విండోస్ ల్యాప్‌టాప్, క్రోమ్ వాడుతున్నాను. అతికించే పని లేకుండా పేజీ అంతటినీ ఒకేసారి తీసే మార్గం ఉంటే చెప్పండి.

గోదావరి_గట్టు

క్రోమ్‌కు ఒక ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే సరిపోతుంది. ఒక్కసారి నొక్కితే అదే పేజీని కిందికి జరుపుకుంటూ బొమ్మ తీసి ఇస్తుంది. నేను నాలుగేళ్ళుగా అలాగే తీస్తున్నాను, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

వెబ్_వడ్రంగి

ఆ ఎక్స్‌టెన్షన్లలో చాలావరకు సుధ గారు చేతితో చేసిన పనినే వేగంగా చేస్తాయి. అవి కూడా ఒక్కో తెర చొప్పున తీసి అతికిస్తాయి కాబట్టి, పేజీ పైభాగంలో కదలకుండా నిలిచే పట్టీ ఏదైనా ఉంటే అది ప్రతి ముక్కలోనూ మళ్ళీ మళ్ళీ పడే ప్రమాదం ఉంది. వేసుకునేటప్పుడు `Read and change all your data on all websites` అన్న అనుమతి అడుగుతుంటే మాత్రం ఆగి ఆలోచించండి. ఆ ఫిర్యాదు పేజీలో మీ ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, ఆర్డరు వివరాలు అన్నీ ఉంటాయి.

క్రోమ్‌లోనే ఆ సదుపాయం ఉంది, కాకపోతే కంటికి కనపడని చోట ఉంది. పేజీ తెరిచి F12 నొక్కండి. పక్కన తెరుచుకున్న పట్టీలో ఒకసారి క్లిక్ చేసి Ctrl+Shift+P నొక్కితే ఒక గడి వస్తుంది. అందులో `screenshot` అని టైపు చేసి, కింద కనిపించే వాటిలో `Capture full size screenshot` ఎంచుకోండి. డౌన్‌లోడ్స్ ఫోల్డరులో ఒకే PNG ఫైలు చేరుతుంది. ఇక్కడ బ్రౌజరు పేజీని జరపదు, మొత్తాన్ని ఒకేసారి గీసి ఇస్తుంది కాబట్టి అతుకు అన్నదే ఉండదు.

నల్లమల_నీడ

ఎడ్జ్ వాడేవాళ్ళకు ఇంత దూరం వెళ్ళే పని లేదు. Ctrl+Shift+S నొక్కి `Capture full page` ఎంచుకుంటే చాలు.

పాత_గ్రంథాలయం

ఫైర్‌ఫాక్స్‌లో ఇంకా సులభం. పేజీ మీద కుడి క్లిక్ చేసి `Take Screenshot`, ఆపైన `Save full page`. మా గ్రంథాలయం కోసం తెలుగు వికీపీడియా వ్యాసాలను నేను ఇలాగే దాస్తున్నాను. మా అమ్మాయి దగ్గర ఒక్కసారి చూసి నేర్చుకున్నాను, రెండోసారి అడగవలసిన అవసరం రాలేదు.

సుధ_నెల్లూరు

వడ్రంగి గారు చెప్పినట్టే చేశాను. ఫైలు వచ్చింది గానీ అందులో నా తెర మీద కనిపిస్తున్నంత మేరకే ఉంది. ఎడమ పక్క ఆర్డర్ల జాబితా, కుడి పక్క జూన్ నెల సందేశాలు నాలుగు, అంతే. జనవరి నుంచి మే దాకా ఏమీ లేవు. ఎడ్జ్‌లో కూడా ప్రయత్నించాను, అదే ఫలితం. నేను నొక్కడంలో ఏమైనా పొరపాటు ఉందా?

కరీంనగర్_కబుర్లు

ఇంత శ్రమ దేనికండీ? Ctrl నొక్కి పట్టుకుని మైనస్ నొక్కుతూ పోతే పేజీ చిన్నదవుతుంది. 25 శాతానికి తెస్తే నాలుగు తెరల సరుకు ఒకే తెరలో పడుతుంది. అప్పుడు మామూలు స్క్రీన్‌షాట్ తీసుకుని, తరువాత పెద్దది చేసి చూసుకోవచ్చు.

వెబ్_వడ్రంగి

కబుర్లు గారూ, రెండు తెరల పొడవున్న పేజీకి మీ పద్ధతి పనికొస్తుంది. సుధ గారు 17 ముక్కలు తీశారంటే ఆ సంభాషణ తెరకు పది రెట్లకు పైనే ఉంటుంది. అంత చిన్నగా చేస్తే ఒక్కో అక్షరానికి ఒకటి రెండు చుక్కలే మిగులుతాయి. బొమ్మలో లేని చుక్కలను తరువాత ఎంత పెద్దది చేసినా తెచ్చుకోలేము. తెలుగులో వత్తులు, గుణింతపు గుర్తులు ముందు చెరిగిపోతాయి.

సుధ గారూ, మీరు నొక్కడంలో పొరపాటు లేదు. మీ పేజీ నిజానికి పొడవైనది కాదు. ఆ సైటు వాళ్ళు పేజీని సరిగ్గా తెర ఎత్తుకు కట్టి, అందులో సంభాషణను ఒక పెట్టెలో పెట్టారు. జరుగుతున్నది ఆ పెట్టె లోపలి సరుకే తప్ప పేజీ కాదు. "మొత్తం పేజీ తియ్యి" అంటే బ్రౌజరు పేజీ ఎత్తు చూసుకుని, అది ఒక తెరే కాబట్టి ఆ ఒక్క తెరనే ఇచ్చింది. దీన్ని పోల్చుకోవడానికి, మౌస్ బాణాన్ని పైన ఉన్న పట్టీ మీద గానీ ఎడమ జాబితా మీద గానీ పెట్టి చక్రం తిప్పండి. సందేశాలు కదలకపోతే, వాటి మీద పెట్టి తిప్పినప్పుడే కదిలితే, అది లోపలి పెట్టె అన్నమాట. జరిపే కడ్డీ కూడా కిటికీ పైఅంచు దాకా పోకుండా మధ్యలో మొదలవుతుంది.

సుధ_నెల్లూరు

అవును, సరిగ్గా అలాగే ఉంది. బాణం సందేశాల మీద ఉంటేనే కదులుతున్నాయి.

తెనాలి_పెన్సిల్

నా శామ్‌సంగ్ ఫోనులో ఈ బాధే లేదు. స్క్రీన్‌షాట్ తీయగానే కింద బాణాల గుర్తు వస్తుంది, దాన్ని నొక్కుతూ ఉంటే బొమ్మ పొడవు పెరుగుతూ పోతుంది. ఇలాంటి లోపలి పెట్టెలను కూడా అది జరిపి తీసింది. నేను బిర్యానీ వంటకాల పేజీలన్నీ అలాగే దాచుకున్నాను. సుధ గారు ఫోనులో తీస్తే సరిపోతుంది కదా.

నల్లమల_నీడ

ఇతర ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ 12వ వెర్షన్ నుంచి `Capture more` అన్న పేరుతో అది వచ్చింది. వంటకాలకు చక్కగా సరిపోతుంది. ఆర్నెల్ల సంభాషణకు మాత్రం వేలు పెట్టి నొక్కుతూ కూర్చోవాలి, పైగా ఒక హద్దు దాటాక అది ఆగిపోతుంది. అక్కడా లోపల జరిగేది ముక్కలు అతికించడమే కాబట్టి, పేజీలో ఏదైనా కదులుతూ ఉంటే అతుకు దగ్గర తేడా వస్తుంది. ఐఫోనులో అయితే సఫారీలో స్క్రీన్‌షాట్ తీశాక `Full Page` అని వస్తుంది, అది మొదట్లో PDFగానే దాచేది. ఐఓఎస్ 17 నుంచి బొమ్మగానూ దాచుకోనిస్తోంది.

వెబ్_వడ్రంగి

ల్యాప్‌టాప్‌లో దీనికి నేను వాడే ఉపాయం ఇది. పెట్టె ఎత్తు తెర ఎత్తును బట్టి పెరుగుతుంది కాబట్టి, తెరే చాలా ఎత్తుగా ఉందని బ్రౌజరును నమ్మిస్తే పెట్టె తనంతట తానే సాగి, సందేశాలన్నీ జరపకుండానే బయటికి కనిపిస్తాయి.

ముందు ఎంత ఎత్తు కావాలో తెలుసుకోండి. సంభాషణలో పైకి జరుపుతూ జనవరి మొదటి సందేశం కనిపించే దాకా వెళ్ళండి, ఎందుకంటే పాత సందేశాలను మనం పైకి వెళ్ళినప్పుడే చాలా సైట్లు తెచ్చి చూపిస్తాయి. ఆ తరువాత ఏదైనా సందేశం మీద కుడి క్లిక్ చేసి `Inspect` నొక్కండి. ఎదురుగా వచ్చిన కోడ్ వరసల్లో ఒక్కొక్క మెట్టు పైకి వెళ్తూ ఉంటే, జరిగే పెట్టె పక్కన కొత్త క్రోమ్‌లో `scroll` అని చిన్న చీటీ కనిపిస్తుంది. ఆ వరసను ఎంచుకుని, `Console`లో ఇది టైపు చేయండి.

```
$0.scrollHeight
```

వచ్చే అంకె పెట్టె లోపలి సరుకు ఎత్తు. దానికి పైన, కింద ఉండే పట్టీల ఎత్తు కలపండి. తరువాత Ctrl+Shift+M నొక్కితే పేజీ ఒక చట్రంలోకి మారి, పైన వెడల్పు, ఎత్తు రాసుకునే రెండు గడులు వస్తాయి. `Responsive` అని ఉండనిచ్చి, వెడల్పు 1000, ఎత్తు మీకు వచ్చిన మొత్తం వేయండి. ఆ గడి 9999 కంటే ఎక్కువ తీసుకోదు. పేజీ తెర మీద చీమల బారులా చిన్నగా కనిపిస్తుంది, దానికి కంగారు పడవద్దు, బొమ్మ మాత్రం అసలు పరిమాణంలోనే వస్తుంది. చట్రం కుడిపక్కన మూడు చుక్కల మెనూలోనే `Capture full size screenshot` ఉంటుంది.

అనంత_శిఖరం

దీనికంటే దగ్గరి దారి ఉంది. ఆ పెట్టె స్టైల్‌లో ఎత్తునూ ఓవర్‌ఫ్లోనూ మార్చేస్తే పెట్టె విప్పుకుంటుంది. నేను ఎప్పుడూ ఇదే చేస్తాను.

```
height: auto !important;
max-height: none !important;
overflow: visible !important;
```

వెబ్_వడ్రంగి

పెట్టె ఎత్తును 600 పిక్సెళ్ళు అని ఖచ్చితంగా బిగించిన సైట్లలో తెర ఎత్తు పెంచినా అది సాగదు, అక్కడ మీ పద్ధతే గతి. కానీ దాని పై పెట్టెకు, ఆ పైదానికి కూడా అదే మార్పు చేయవలసి వస్తే కొత్తవాళ్ళు దారి తప్పుతారు. ఇంకో మాట ఉంది. కొన్ని సైట్లు తెర బయట ఉన్న సందేశాలను పేజీలోంచే తీసేసి, మనం దగ్గరికి వెళ్ళినప్పుడు మళ్ళీ పెడతాయి. అలాంటి చోట పెట్టెను విప్పితే లోపల కొన్ని సందేశాలే ఉండి, మిగతాది ఖాళీగా కనిపిస్తుంది. తెర ఎత్తు పెంచితే మాత్రం ఆ సైటు కూడా అన్నీ కనిపిస్తున్నాయనుకుని అన్నిటినీ పెడుతుంది.

కోర్టు_గుమ్మం

నేను చాలాకాలం న్యాయవాది దగ్గర గుమాస్తాగా పనిచేశాను, ఆ కోణం నుంచి ఒక అభ్యంతరం చెబుతాను. శిఖరం గారి పద్ధతిలో పేజీ స్టైల్‌ను మన చేతితో మారుస్తున్నాము. అక్షరం కూడా మార్చలేదని మనకు తెలుసు, కానీ "ఈ పేజీని మార్చి బొమ్మ తీశారా?" అని అడిగితే అవునని చెప్పవలసి వస్తుంది. సాక్ష్యంగా ఇచ్చేదానికి ఆ అవునన్న మాట ఎందుకు? తెర ఎత్తు పెంచడమంటే పెద్ద తెర కొని చూసినట్టే కదా.

అనంత_శిఖరం

రెండింటికీ తేడా లేదనే నా అభిప్రాయం. తెర ఎత్తు 9,000 పిక్సెళ్ళని చెప్పడం కూడా బ్రౌజరుకు అబద్ధం చెప్పడమే. ఎవరైనా అడిగితే ఏ పద్ధతిలో తీశామో దాచకుండా చెప్పగలగడం ముఖ్యం.

సుధ_నెల్లూరు

`$0.scrollHeight` అంటే 9140 వచ్చింది. పైకీ కిందికీ కలిపి 160 వేసుకుని, ఎత్తు 9300 పెట్టాను. సందేశాలన్నీ ఒకేసారి బారులు తీరాయి, చూడగానే ప్రాణం లేచివచ్చింది. బొమ్మ తీస్తే 2000 వెడల్పు, 18600 ఎత్తుతో ఫైలు వచ్చింది.

అయితే ఒక వింత జరిగింది. బొమ్మలో చివరికి వచ్చేసరికి జూన్ సందేశాలు లేవు. మే నెలలో ఒక సందేశం సగంలో తెగి, దాని కిందే మళ్ళీ పేజీ శీర్షిక, దాని కింద జనవరి 6 సందేశం వచ్చాయి. తెర మీద చూస్తే జూన్ సందేశాలు ఉండవలసిన చోటే ఉన్నాయి. ఇది నేను వకీలు గారికి ఇచ్చి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటేనే భయమేస్తోంది.

వెబ్_వడ్రంగి

ముందే హెచ్చరించవలసింది, అది నా తప్పు. మీరు ఇచ్చిన అంకెల్లోనే కారణం ఉంది. ఎత్తు 9300 అడిగితే బొమ్మ 18600 వచ్చింది, అంటే ప్రతి చుక్కనూ రెండు చుక్కలుగా గీసింది. ఆ చట్రం మొదట ఫోను తెరను అనుకరిస్తుంది కాబట్టి రెట్టింపు సాంద్రత పెట్టుకుంటుంది. క్రోమ్ గీసేటప్పుడు గ్రాఫిక్స్ భాగానికి ఒక బొమ్మ పక్క 16,384 పిక్సెళ్ళు దాటకూడదన్న హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటిన భాగంలో చాలాసార్లు పైనుంచి మళ్ళీ మొదలైనట్టు పడుతుంది, ఒక్కోసారి ఖాళీగా మిగులుతుంది. తప్పు జరిగిందన్న హెచ్చరిక మాత్రం ఎక్కడా రాదు. మీ ఫైలులో 18600 లోంచి 16384 తీసేస్తే 2216, సరిగ్గా అడుగున ఆ 2216 పిక్సెళ్ళ మేరకే పైభాగం మళ్ళీ వచ్చి ఉంటుంది. పెయింట్‌లో తెరిచి ఆ చోట బాణం పెడితే అడుగు పట్టీలో అంకె కనిపిస్తుంది, సరిచూసుకోండి.

దీన్ని సరిచేయడం తేలిక. అదే మూడు చుక్కల మెనూలో `Add device pixel ratio`, `Add device type` అన్న రెండింటినీ నొక్కితే పైపట్టీలో రెండు కొత్త గడులు వస్తాయి. మొదటిదాన్ని 1 చేయండి, రెండోదాన్ని `Desktop` చేయండి. అప్పుడు 9300 అడిగితే 9300 వస్తుంది, హద్దుకు ఎంతో లోపల ఉంటుంది. ఇలా మార్చాక సైటు తనను తాను మళ్ళీ తెరుచుకుంటే, పాత సందేశాలన్నీ వచ్చాయో లేదో మరోసారి చూసుకుని తీయండి.

కరీంనగర్_కబుర్లు

సాంద్రత ఒకటి చేస్తే అక్షరాలు మసకబారవా? నేను చెప్పిన చిన్నది చేసే పద్ధతికీ దీనికీ తేడా ఏముంది?

వెబ్_వడ్రంగి

మామూలు పాత మానిటర్ మీద కనిపించే స్పష్టత ఉంటుంది. ఫోను తెర అంత నున్నగా ఉండదు గానీ ప్రతి అక్షరమూ చదవడానికి వీలుగా ఉంటుంది. మీ పద్ధతిలో ఆ స్పష్టతలో నాలుగో వంతుకు దిగుతాము. అదే తేడా.

సుధ_నెల్లూరు

16384 దగ్గరే మళ్ళీ మొదలైంది, పెయింట్‌లో బాణం పెట్టి చూశాను. సాంద్రత 1 పెట్టి తీశాను. 1000 వెడల్పు, 9300 ఎత్తు. జనవరి 6 నుంచి జూన్ చివరి సందేశం దాకా వరసగా వచ్చాయి. ఏప్రిల్ 11 తేదీ ఈసారి ఉన్న చోటే ఉంది. కానీ నేను పంపిన ఫొటోలు, అంటే ఫ్రిజ్ వెనక మంచు కట్టిన ఫొటో, నీళ్ళు కారిన నేల ఫొటో, బూడిదరంగు గడులుగానే వచ్చాయి.

పాత_గ్రంథాలయం

వికీపీడియాలో నాకు కూడా ఇది అనుభవమే. బొమ్మలను మనం దగ్గరికి వెళ్ళే దాకా తెచ్చుకోని పేజీలు ఉంటాయి. నేను పేజీ చివరి దాకా ఒకసారి మెల్లగా జరిపి, మళ్ళీ పైకి వచ్చి తీస్తాను. అప్పుడు అన్నీ వస్తాయి.

వెబ్_వడ్రంగి

గ్రంథాలయం గారు చెప్పినదే. ఎత్తైన చట్రంలో పెట్టాక సుధ గారికి జరిపే పనే లేదు, ఫొటోలన్నీ ఒకేసారి దిగడం మొదలవుతాయి. అవి వచ్చే దాకా అర నిమిషం ఆగి తీయడమే.

విజయవాడ_వీధి

ఇంతమంది ఇన్ని చెబుతున్నారు, Ctrl+P నొక్కి PDFగా దాచుకుంటే అయిపోయేది కదా. అందులో పేజీ చిరునామా, తేదీ కూడా అడుగున వస్తాయి.

కోర్టు_గుమ్మం

చిరునామా, తేదీ వస్తాయన్నది మంచి మాటే. కానీ లోపలి పెట్టె ఉన్న పేజీని ప్రింటుకు ఇస్తే చాలాసార్లు ఒక కాగితం దగ్గరే తెగిపోతుంది. ప్రింటు కోసం సైటు వేరే అమరిక పెట్టి ఉంటే తెర మీద కనిపించినది కాగితం మీద కనిపించదు. నా అనుభవంలో సందేశం ఎవరు పంపారో తెలిపే రంగు గడులు పోయి, ఇద్దరి మాటలూ ఒకే వరసలో కలిసిపోయాయి.

సుధ గారికి మాత్రం వీధి గారి మాటలోంచి ఒకటి తీసుకోమంటాను. మీరు తీసిన పొడవాటి బొమ్మలో పైన ఉండే చిరునామా పట్టీ ఉండదు, గడియారం ఉండదు. అందుకని చిరునామా, తేదీ కనిపించేలా మామూలు స్క్రీన్‌షాట్ ఒకటి కూడా తీసి జతగా ఉంచండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే ధ్రువపత్రంలో ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలు సరుకును బట్టి లెక్కగట్టే వేలిముద్ర లాంటి అంకె, రాయాలి. విండోస్‌లో దాన్ని ఇలా తీసుకోవచ్చు.

```
certutil -hashfile firyadu.png SHA256
```

హ్యాష్ తీసిన తరువాత ఆ ఫైలును తెరిచి ఒక్క గీత చెరిపి దాచినా ఆ అంకె మారిపోతుంది. కాబట్టి అసలు ఫైలును ముట్టుకోకుండా పక్కన పెట్టి, పనులన్నీ నకలు మీద చేసుకోండి.

విజయవాడ_వీధి

మా వాషింగ్ మెషీన్ కేసులో జిల్లా కమిషన్ వాళ్ళు నన్ను ఏ ధ్రువపత్రమూ అడగలేదు. మామూలు ప్రింట్లు ఇచ్చాను, తీసుకున్నారు.

కోర్టు_గుమ్మం

ఎదుటి పక్షం అభ్యంతరం చెప్పకపోతే అడగకపోవచ్చు. చెబితే ఏం చేయాలన్నది వకీలు గారే నిర్ణయించాలి. హ్యాష్ తీసి పెట్టుకోవడానికి మాత్రం అర నిమిషం చాలు.

సుధ_నెల్లూరు

ఆగి తీశాను, ఫొటోలన్నీ వచ్చాయి. హ్యాష్ కూడా రాసి పెట్టుకున్నాను. సంతోషంగా వకీలు గారికి వాట్సాప్‌లో పంపితే, ఒక్క అక్షరం కూడా చదవలేకపోతున్నానని ఫోను చేశారు. నా దగ్గర అదే ఫైలు స్పష్టంగా కనిపిస్తోంది.

నల్లమల_నీడ

ఫొటోగా పంపి ఉంటారు. వాట్సాప్ మామూలు నాణ్యతలో పంపే ఫొటో పొడవైన పక్కను దాదాపు 1600 పిక్సెళ్ళకు కుదిస్తుంది. మీ 9300 ఎత్తు 1600 అయితే, 1000 వెడల్పు 172 అవుతుంది. 172 పిక్సెళ్ళలో ఒక వరస తెలుగు పట్టదు. జత చేసే గుర్తు నొక్కి ఫొటో కాకుండా `Document` ఎంచుకుని పంపండి, ఫైలు ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.

సుధ_నెల్లూరు

డాక్యుమెంటుగా పంపితే చక్కగా చదివారు. ఇప్పుడు ఆయన పెన్‌డ్రైవ్‌తో పాటు కాగితం మీద కూడా కావాలంటున్నారు. ఒకే బొమ్మను A4 కాగితాల మీదికి ఎలా తేవాలి? మామూలుగా ప్రింట్ ఇస్తే మొత్తం ఒకే కాగితం మీద సన్నని దారంలా వస్తోంది.

పాత_గ్రంథాలయం

నకలును పెయింట్‌లో తెరిచి, ప్రింట్ కింద `Page setup`లోకి వెళ్ళండి. అక్కడ `Fit to` దగ్గర 1 by 7 అని వేయండి. A4 పొడవు వెడల్పుకు 1.41 రెట్లు ఉంటుంది, అంటే మీ 1000 వెడల్పుకు ఒక్కో కాగితం మీద సుమారు 1410 ఎత్తు పడుతుంది. 9300 కాబట్టి ఏడు కాగితాలు. మేము పాత పత్రికల పొడవాటి స్కాన్లను ఇలాగే వేసుకుంటాము.

సుధ_నెల్లూరు

ఏడు కాగితాలు వచ్చాయి, అక్షరాలు బాగున్నాయి. కాకపోతే మూడో కాగితం చివర మంచు కట్టిన ఫొటో సగానికి తెగి, మిగతా సగం నాలుగో కాగితం మీదికి పోయింది.

అనంత_శిఖరం

చట్రం వెడల్పును 1000 బదులు 900 చేసి మళ్ళీ తీయండి. వరసలు కొత్తగా విరిగి ఫొటో చోటు మారుతుంది. ఎత్తు పెరుగుతుంది కాబట్టి `$0.scrollHeight` మళ్ళీ చూసుకోండి, 9999 దాటనంత వరకు ఇబ్బంది లేదు.

కోర్టు_గుమ్మం

అలా తీస్తే అది కొత్త ఫైలు అవుతుంది, దానికి హ్యాష్ వేరే ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదీ కాగితం మీద ఉన్నదీ ఒకటే కావాలి. నా మాట అడిగితే ఫొటో తెగినా ఫరవాలేదు, ఉన్న ఫైలునే ఉంచి, ఆ ఫొటోను విడిగా ఎనిమిదో కాగితంగా జత చేయండి.

తెనాలి_పెన్సిల్

నాకు సంబంధించిన సందేహం ఒకటి అడుగుతాను. మా వంశవృక్షం పేజీ ఎత్తు ఈ పద్ధతిలో చూస్తే 40,000 పైనే వచ్చింది. అది లోపలి పెట్టె కాదు, పేజీయే జరుగుతుంది. దాన్ని ఒకే బొమ్మగా తీయగలనా?

వెబ్_వడ్రంగి

క్రోమ్‌లో 16,384 దాటితే నమ్మకం లేదు. ఫైర్‌ఫాక్స్‌లోనూ ఒక బొమ్మ పక్కకు 32,767 హద్దు ఉంది. కాబట్టి 40,000 పేజీని ఉన్నదున్నట్టు ఒకే ముక్కగా తీయలేరు. వంశవృక్షానికి తరాల వారీగా ఎక్కడైనా సహజంగా విరుపు ఉంటే, అక్కడ విడగొట్టి మూడు బొమ్మలుగా దాచుకోండి. ప్రతిదాని మొదట్లో కిందటి బొమ్మ చివరి రెండు మూడు పేర్లు మళ్ళీ వచ్చేలా చూసుకోండి. దాచేటప్పుడు WebPకి మార్చవద్దు, ఆ రకం ఫైలు 16,383 పిక్సెళ్ళు దాటనివ్వదు. PNGగానే ఉంచండి.

తెనాలి_పెన్సిల్

పేజీని 50 శాతానికి చిన్నది చేసి తీస్తే 20,000 అవుతుంది కదా. ఫైర్‌ఫాక్స్ హద్దులోనే ఉంటుంది.

కరీంనగర్_కబుర్లు

నేను మొదట చెప్పినది అదే!

వెబ్_వడ్రంగి

వంశవృక్షంలో పేర్లు పెద్ద అక్షరాల్లో ఉంటే సగానికి తగ్గించినా చదవగలుగుతారు. 50 శాతం దగ్గర ఒకటి తీసి, పేర్లలో వత్తులు స్పష్టంగా ఉన్నాయో లేదో చూసి చెప్పండి.

సుధ_నెల్లూరు

గుమ్మం గారు చెప్పినట్టు పాత ఫైలునే ఉంచి, ఫొటోను ఎనిమిదో కాగితంగా జత చేశాను. వకీలు గారు ఏడు కాగితాలనూ టేబుల్ మీద ఒకదాని కింద ఒకటి పరిచి, తేదీలు వేలితో చూసుకుంటూ జూన్ దాకా వచ్చారు. ఏప్రిల్ 11 దగ్గర ఆగి, "ఆ రోజు మార్చి ఇస్తామని రాసిన మాట ఇదేనా?" అని అడిగారు. ఆ మాట నా పదిహేడు ముక్కల్లోనూ ఉంది, దాని తేదీయే అప్పుడు లేదు.